54 లక్షల కోతలో నిలిచేది ఎంత? ఆలస్యం, అదనపు పని, ఎల్‌డీ లెక్క

క్లుప్తంగా: బిల్డింగ్ ఆలస్యమైతే ఓనర్ బిల్లులోంచి కోసుకునే ఆలస్య పరిహారం, అదే ఎల్‌డీ, అంటే రోజులను రేటుతో గుణించడమే అనుకుంటారు. గుణించే ముందు అసలు గడువు ఏ తేదీకి జరిగిందో తేలాలి. ఆ తేదీని జరిపేవి మధ్యలో వచ్చే మార్పుల ఆదేశాలు, గడువు పొడిగింపులు. ఇవన్నీ పోగా మిగిలిన రోజులకే ఎల్‌డీ పడుతుంది. మన కాంట్రాక్ట్ చట్టంలో ఆ మొత్తం కూడా గరిష్ఠ పరిమితే తప్ప ఖాయమైన హక్కు కాదు.

విశాఖలో మధురవాడ, ఎండాడ, పెందుర్తి వైపు ఏ సైట్‌లో ఆఖరి బిల్లు దగ్గర గొడవ జరిగినా మాటలు దాదాపు ఒకేలా ఉంటాయి. "నాలుగు నెలలు లేటు చేశావు, అగ్రిమెంట్ ప్రకారం పెనాల్టీ కోస్తాను" అని ఓనర్ అంటాడు. "డ్రాయింగులు మార్చింది మీరు, బండ పడింది మీ స్థలంలో, నన్నేం చేయమంటారు" అని కాంట్రాక్టర్ అంటాడు. ఇద్దరి మాటల్లోనూ కొంత నిజం ఉంటుంది. ఎంత నిజం ఉందో రోజుల్లో, రూపాయల్లో తేల్చడమే అసలు పని. అందుకోసం ఒక ఊహాత్మక ఉదాహరణను మొదటి నుంచి చివరి దాకా లెక్కవేసి చూద్దాం.

మధురవాడలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్ భవనం. కాంట్రాక్ట్ విలువ 6 కోట్లు. గడువు ఏప్రిల్ 1 నుంచి మరుసటి మార్చి 31 వరకు. ఆలస్యమైతే వారానికి విలువలో అర శాతం, అంటే 3 లక్షలు, మొత్తం మీద 10 శాతం మించకుండా ఎల్‌డీ అని అగ్రిమెంట్‌లో రాసుకున్నారు. భవనం ఆగస్టు 4న పూర్తయింది. అంటే 126 రోజులు, సరిగ్గా 18 వారాలు ఆలస్యం. ఓనర్ అకౌంటెంట్ 18ని 3 లక్షలతో గుణించి, ఆఖరి బిల్లులో 54 లక్షలు కోసేశాడు.

## ఎల్‌డీ అంటే శిక్ష కాదు

లిక్విడేటెడ్ డ్యామేజెస్ అంటే ముందే లెక్కగట్టుకున్న నష్టపరిహారం. భవనం ఆలస్యమైతే ఓనర్‌కు ఎంత నష్టం వస్తుందో తర్వాత తేల్చడం కష్టం కాబట్టి, సంతకాల రోజే ఇద్దరూ ఒక అంకె మీద ఒప్పుకుంటారు. సైట్‌లో అందరూ దీన్ని పెనాల్టీ అనే పిలుస్తారు. వాడుకలో తప్పేమీ లేదు గానీ, ఆ పేరు వల్ల ఓనర్‌కు ఇది జరిమానా వేసే అధికారంలా కనిపిస్తుంది.

భారత కాంట్రాక్ట్ చట్టం, 1872లోని 74వ సెక్షన్ అలా చూడదు. ఒప్పందంలో ఒక మొత్తం రాసుకుంటే, మాట తప్పినప్పుడు ఆ మొత్తం మించకుండా సమంజసమైన పరిహారం మాత్రమే ఇప్పిస్తుంది. పేరు పెనాల్టీ అయినా ఎల్‌డీ అయినా ఇదే నియమం. ఫతే చంద్ కేసులో (1963) సుప్రీంకోర్టు చెప్పిందీ ఇదే: రాసుకున్న అంకె పైకప్పు లాంటిది, దాని కింద ఎంత న్యాయమో కోర్టు చూస్తుంది.

మరి నష్టం రుజువు చేయాలా? దీని మీద రెండు తీర్పులను పక్కపక్కన పెట్టి చదవాలి. ఓఎన్‌జీసీ, సా పైప్స్ కేసులో (2003) సుప్రీంకోర్టు, నష్టాన్ని లెక్కగట్టడం కష్టమైన చోట ఇద్దరూ నిజాయితీగా వేసుకున్న అంచనాను విడిగా రుజువు లేకుండానే ఇవ్వొచ్చు అంది. ఓనర్ల తరఫు లాయర్లు ఎక్కువగా చూపించేది ఇదే. కైలాష్ నాథ్ అసోసియేట్స్ కేసులో (2015) అదే కోర్టు, 74వ సెక్షన్ కింద పరిహారానికి నష్టం జరగడమే ఆధారమని, రుజువు చేయగలిగిన నష్టాన్ని రుజువు చేయాల్సిందేనని స్పష్టం చేసింది. ఒక రోడ్డు ఆరు నెలలు ఆలస్యమైతే ప్రజలకు ఎంత నష్టమో ఎవరూ చెప్పలేరు కాబట్టి అక్కడ మొదటి తీర్పు బలంగా పనిచేస్తుంది. ప్రైవేటు భవనం సంగతి వేరు. పాత చోట కట్టిన అద్దె, బ్యాంకు వడ్డీ, వాడకుండా పడి ఉన్న యంత్రం, అన్నిటికీ కాగితాలు ఉంటాయి. అవి ఉండి కూడా చూపించకపోతే అనుమానం ఓనర్ మీదికే వస్తుంది.

నష్టం సంగతి తర్వాత. అంతకంటే ముందు 126 రోజులూ కాంట్రాక్టర్ ఖాతాలో పడతాయా అన్నది తేలాలి.

## బండ తగిలిన రోజు

కైలాసగిరి, సింహాచలం కొండల్లో ఎక్కువగా ఉండేది ఖోండలైట్ శిల. ఎండకు, వానకు ఇది పైపైన ఎర్రమట్టిలా చివికిపోతుంది. ఎంత లోతు దాకా చివికింది అన్నది మాత్రం చోటును బట్టి మారుతుంది. ఒకే ప్లాట్‌లో ఒక మూల మూడు మీటర్ల దాకా పలుగుకే ఊడివస్తే, ఇంకో మూల మీటరున్నరకే గట్టి బండ తగలొచ్చు. రెండు బోర్లు వేసి ఇచ్చిన మట్టి పరీక్ష రిపోర్టు ఆ రెండు చోట్ల సంగతి మాత్రమే చెబుతుంది.

మన ఉదాహరణలో మే నెలలో అదే జరిగింది. కొటేషన్‌లో మామూలు మట్టి తవ్వకానికే రేటు ఉంది, గట్టి బండకు లేదు. చుట్టూ ఇళ్లు ఉన్నాయి కాబట్టి పేల్చడానికి వీల్లేదు, బ్రేకర్‌తో కొట్టాల్సిందే. ఓనర్ సైట్‌కు వచ్చి చూసి, "కొట్టించేయండి, రేటు తర్వాత చూసుకుందాం" అన్నాడు. విశాఖలోనే కాదు, ఎక్కడైనా సగం గొడవలకు విత్తనం పడేది ఈ మాట దగ్గరే.

చేంజ్ ఆర్డర్ అంటే ఒప్పందంలోని పనిని మారుస్తూ ఇచ్చే రాతపూర్వక ఆదేశం. ప్రభుత్వ పనుల్లో డీవియేషన్ అని, ఎక్స్‌ట్రా ఐటెమ్ అని అంటారు. అందులో మూడు సంగతులు ఉండాలి. పని ఏమిటి, రేటు ఎంత, దానికి ఎన్ని రోజులు. మొదటి రెండింటినీ ఎలాగో రాస్తారు. మూడోది వదిలేస్తారు. ఆ వదిలేసిన రోజులే ఏడాది తర్వాత ఎల్‌డీ రూపంలో తిరిగి వస్తాయి.

ఇక్కడ రేటు ఎలా కట్టాలి? ఓనర్ మట్టి రేటే ఇస్తానంటాడు, కాంట్రాక్టర్ నోటికి వచ్చిన అంకె చెబుతాడు. సరైన దారి రేట్ అనాలిసిస్. బ్రేకర్ అద్దె గంటకు 1,500 రూపాయలు, గంటకు 2 ఘనపు మీటర్లు పగిలితే ఘనపు మీటరుకు 750. ముక్కలను ఎత్తి, లారీలో తీసుకెళ్లి పోయడానికి 250. ఈ 1,000 మీద ఓవర్‌హెడ్, లాభం కలిపి 15 శాతం. వెరసి 1,150. 300 ఘనపు మీటర్ల బండకు 3.45 లక్షలు. ఈ అంకెలు ఉదాహరణకు తీసుకున్నవే గానీ లెక్క నడిచే దారి ఇదే. గంటకు ఎంత పగిలిందో మొదటి రెండు రోజుల లాగ్‌షీట్‌లో ఇద్దరూ సంతకం పెట్టి ఉంటే రేటు మీద వాదించడానికి పెద్దగా ఏమీ మిగలదు.

ఎంత బండ అన్నది కూడా అప్పుడే తేలాలి. మట్టి తీసేశాక, బండ మొదలైన చోట లెవల్స్ తీసి ఎం-బుక్ అనే కొలతల పుస్తకంలో ఎక్కించాలి. కాంక్రీటు పోశాక అక్కడ బండ ఉండేదని నిరూపించే సాక్ష్యం ఆ పేజీ తప్ప మరొకటి ఉండదు. పగలగొట్టిన రాళ్ల గుట్టను కొలుస్తానంటే మధ్యలో ఖాళీలకు కొంత శాతం తగ్గిస్తారు, మళ్లీ ఆ శాతం ఎంత అన్న దగ్గర పేచీ.

ఇప్పుడు రోజులు. 300 ఘనపు మీటర్లకు 150 గంటలు, రోజుకు 8 గంటల చొప్పున 19 పని దినాలు. ఆదివారాలు కలిపి 22 రోజులు. రేటు తేలక, ఆదేశం కోసం ఎదురుచూస్తూ ఆగిన రోజులు మరో 6. మొత్తం 28. పునాది పడకుండా పైన ఏదీ కదలదు కాబట్టి ఈ 28 రోజులూ నేరుగా ఆఖరి తేదీని జరిపాయి. బండ తగిలిన పదో రోజున కాంట్రాక్టర్ ఫోటోలతో ఒక ఉత్తరం రాశాడు. అగ్రిమెంట్‌లో నోటీసుకు ఇచ్చిన వ్యవధి 14 రోజులు. కాబట్టి ఈ 28 రోజుల మీద ఓనర్ చేయగలిగిన వాదన పెద్దగా లేదు.

## వాన కురిసినా గడువు అక్కడే ఉంటుంది, తుపాను వస్తే జరుగుతుంది

జులైలో వాన పడిందని గడువు అడగడం కుదరదు. విశాఖలో నైరుతి వానలు, అక్టోబర్, నవంబర్‌లో ఈశాన్య వానలు వస్తాయని కొటేషన్ ఇచ్చేటప్పుడే కాంట్రాక్టర్‌కు తెలుసు. 12 నెలల గడువులో ఆ రోజులు కలిసే ఉన్నాయని భావిస్తారు. అసాధారణ వాతావరణం వేరు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీదే తీరం దాటినప్పుడు పనులు ఆగిపోవడానికి ఎవరినీ తప్పుపట్టలేం.

ఉదాహరణలో అక్టోబర్‌లో ఒక తుపాను వచ్చి 7 రోజులు పని ఆగింది అనుకుందాం. ఇలాంటి దానికి గడువు ఇస్తారు గానీ డబ్బు ఇవ్వరు. ఓనర్ ఆ 7 రోజులకు ఎల్‌డీ వేయడు, కాంట్రాక్టర్ ఆ 7 రోజుల వాచ్‌మన్ జీతం అడగడు. ఎవరి నష్టం వారిదే. గడువు పొడిగింపు వచ్చిందంటే దాంతో పాటు డబ్బు కూడా వస్తుందని చాలామంది పొరబడేది ఇక్కడే.

## సంక్రాంతికి వెళ్లిన ముఠా, రాని డ్రాయింగ్

కష్టమైన భాగం జనవరిలో వచ్చింది. సెంట్రింగ్ ముఠా జనవరి 12న పండక్కి ఊరికి వెళ్లి ఫిబ్రవరి 15 వరకు తిరిగి రాలేదు. అంటే 35 రోజులు. ఈలోగా ఓనర్ మూడో అంతస్తులో అనుకున్నదాని కంటే బరువైన స్కానింగ్ యంత్రం పెట్టాలని నిర్ణయించాడు. దాంతో స్లాబ్ డిజైన్ మారింది. కొత్త డ్రాయింగ్ ఫిబ్రవరి 1కల్లా రావాలి, 15న వచ్చింది. చివరి 14 రోజులు అటు మనుషులూ లేరు, ఇటు డ్రాయింగూ లేదు.

"డ్రాయింగ్ ఇచ్చినా పనిచేసేవాళ్లెవరు?" అన్నది ఓనర్ వాదన. "మనుషులున్నా ఏ డ్రాయింగ్ చూసి పనిచేస్తారు?" అన్నది కాంట్రాక్టర్ జవాబు. తర్కంలో రెండూ సమానమే. దీన్ని ఏకకాల ఆలస్యం అంటారు. బ్రిటన్‌లోని సొసైటీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ లా 2017లో రెండోసారి విడుదల చేసిన ప్రోటోకాల్ ఇలాంటి చోట కాంట్రాక్టర్‌కు గడువు తగ్గించకూడదని, అదే సమయానికి అదనపు ఖర్చు మాత్రం సులభంగా ఇవ్వకూడదని చెబుతుంది. ఆ ప్రోటోకాల్ మన దగ్గర చట్టం కాదు, కోర్టు బయట వివాదం తేల్చే ఆర్బిట్రేటర్లందరూ ఒకే దారిలో వెళ్లరు కూడా. అయినా గడువు అవును, డబ్బు కాదు అన్న ఈ పద్ధతి ఇద్దరికీ మింగుడుపడేదిగా ఉంటుంది కాబట్టి ఉదాహరణలో దాన్నే తీసుకుందాం. 35లో 14 రోజులకు గడువు వస్తుంది, మొదటి 21 రోజులు కాంట్రాక్టర్ నెత్తిన పడతాయి.

ఓనర్ వైపు జరిగిన ప్రతి జాప్యమూ గడువును జరపదు. అదే సైట్‌లో ఫ్లోరింగ్ టైల్స్ ఎంపిక మూడు వారాలు ఆలస్యమైంది. కాంట్రాక్టర్ దాన్ని కూడా లిస్టులో రాశాడు. కానీ టైల్స్ పని మొదలు కావడానికి అప్పటికి ఇంకా నాలుగు వారాలు ఉంది. ఆ మూడు వారాల వల్ల ఆఖరి తేదీ ఒక్క రోజు కూడా జరగలేదు. ఏ పని ఆగితే మొత్తం భవనం ఆగుతుందో ఆ గొలుసును క్రిటికల్ పాత్ అంటారు. దాని మీద లేని జాప్యాలకు లెక్కలో విలువ లేదు. డిలే క్లెయిమ్‌లు చాలావరకు తేలిపోవడానికి ఒక కారణం ఇదే. నలభై ఉత్తరాలు జత చేస్తారు, కానీ ఏ ఉత్తరం ఏ రోజును జరిపిందో చూపే ప్రోగ్రాం చార్ట్ ఒక్కటీ ఉండదు.

## రాయని ఉత్తరం

ఏప్రిల్, మే నెలల్లో బాత్‌రూమ్‌ల వాటర్‌ప్రూఫింగ్ నీళ్లు నిలబెట్టి చేసిన పరీక్షలో ఫెయిలైంది. టైల్స్ ఊడదీసి మళ్లీ వేయడానికి 21 రోజులు పట్టింది. ఇది పూర్తిగా కాంట్రాక్టర్ తప్పు, దీని మీద వాదన లేదు.

ఆ తర్వాత లిఫ్ట్. లిఫ్ట్ నడిపి చూపితేనే పని పూర్తయినట్లని అగ్రిమెంట్. లిఫ్ట్‌కు కరెంటు కావాలి, కనెక్షన్‌కు డిపాజిట్ కట్టాల్సింది ఓనర్. బ్యాంకు నుంచి డబ్బు రావడం ఆలస్యమై ఆయన కట్టేసరికి 35 రోజులు గడిచాయి. మిగతా పనంతా అయిపోయింది, కరెంటు కోసమే ఆగారు. విషయం అందరికీ తెలుసు. ఫోన్లో రోజూ మాట్లాడుకున్నారు. కాంట్రాక్టర్ మాత్రం ఉత్తరం రాయలేదు. ఆఖరి బిల్లు రావాల్సిన సమయంలో ఓనర్‌తో ఎందుకు గొడవ అనుకున్నాడు.

నోటీసు గడువు దాటితే క్లెయిమ్ పోతుందని రాసిన షరతులు మామూలే. అంతర్జాతీయంగా వాడే నమూనా ఒప్పందం ఫిడిక్ 1999 రెడ్ బుక్‌లో ఇది 28 రోజులు. కేంద్ర ప్రజాపనుల శాఖ సీపీడబ్ల్యూడీ షరతుల్లో అడ్డంకి ఎదురైన 14 రోజుల్లోగా పొడిగింపు అడగాలని ఉంటుంది, సైట్‌లో అడ్డంకులు రాసే హిండ్రెన్స్ రిజిస్టర్ ఉంటుంది. మన కాంట్రాక్ట్ చట్టం 28వ సెక్షన్ ప్రకారం, ఫలానా గడువు దాటితే హక్కే పోతుందనే ఒప్పందం చెల్లదు. నోటీసు షరతులు కూడా ఆ కోవలోకే వస్తాయా అన్నది వాదనకు తెరిచే ఉంది. ఓనర్‌కు విషయం తెలుసని చూపించగలిగితే ఆర్బిట్రేటర్ మెత్తబడే అవకాశం ఉంది. వాట్సాప్ సందేశాలు పనికొస్తాయి గానీ, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం వాటికి సర్టిఫికెట్ జతచేయాలి. ఫోన్ మార్చేసి పాత చాట్ పోగొట్టుకుంటే అదీ లేదు.

ఇప్పుడు లెక్క చూడండి. బండకు 28, తుపానుకు 7, ఏకకాల ఆలస్యానికి 14, మొత్తం 49 రోజుల పొడిగింపు ఖాయం. ముఠా 21, వాటర్‌ప్రూఫింగ్ 21, మొత్తం 42 రోజులు కాంట్రాక్టర్‌వి. మిగిలిన 35 రోజులు ఉత్తరం లేని కరెంటువి. ఆ 35 కూడా ఒప్పుకుంటే ఎల్‌డీ 6 వారాలకు 18 లక్షలు. ఒప్పుకోకపోతే 11 వారాలకు 33 లక్షలు. రాయని ఆ ఉత్తరం ఖరీదు 15 లక్షలు. ఎటు చూసినా 54 లక్షలు నిలబడదు.

## గడువు పొడిగిస్తే లాభం ఎవరికి?

పొడిగింపు అంటే కాంట్రాక్టర్‌కు చేసే ఉపకారం అని ఓనర్లు అనుకుంటారు. నిజానికి ఆ క్లాజు ఓనర్‌కే ఎక్కువ అవసరం. తానే ఆలస్యానికి కారణమై, గడువు జరిపే ఏర్పాటు కూడా ఒప్పందంలో లేకపోతే, పాత తేదీ చెల్లకుండా పోతుంది. తేదీ లేకపోతే ఎల్‌డీ ఎక్కడి నుంచి లెక్కపెట్టాలి? అప్పుడు కాంట్రాక్టర్ సమంజసమైన కాలంలో పూర్తిచేస్తే చాలు అనే వాదన వస్తుంది. ఒక పక్షం పనిచేయనివ్వకుండా రెండో పక్షాన్ని అడ్డుకుంటే ఏమవుతుందో చెప్పే 53వ సెక్షన్, ముందు జరగాల్సిన వాగ్దానం జరగకపోతే ఏమవుతుందో చెప్పే 54వ సెక్షన్ మన చట్టంలోనూ ఉన్నాయి. పొడిగింపు క్లాజు పాత తేదీ స్థానంలో కొత్త తేదీ పెట్టి ఎల్‌డీని బతికిస్తుంది.

పొడిగింపు ఉత్తరంలోని మాటలు కూడా ముఖ్యం. 55వ సెక్షన్ ప్రకారం, సమయమే ప్రధానమైన ఒప్పందంలో ఆలస్యమైన పనిని ఓనర్ స్వీకరిస్తే, స్వీకరించే సమయంలోనే పరిహారం అడుగుతానని నోటీసు ఇవ్వాలి. ఇవ్వకపోతే తర్వాత ఆలస్యానికి పరిహారం అడగలేడు. వెల్‌స్పన్, ఓఎన్‌జీసీ కేసులో (2021) ఎల్‌డీ మాఫీ చేస్తూ కొన్ని పొడిగింపులు ఇచ్చాక మళ్లీ రాసుకున్న రేటు ప్రకారం ఎల్‌డీ కోయడాన్ని ఆర్బిట్రేటర్లు ఒప్పుకోలేదు, వాళ్ల తీర్పును సుప్రీంకోర్టు సమర్థించింది. అందుకే ప్రభుత్వ ఇంజినీర్ల ఉత్తరాల్లో "ఎల్‌డీ హక్కుకు భంగం లేకుండా" అన్న ముక్క తప్పకుండా కనిపిస్తుంది.

## కాంట్రాక్టర్ అడిగే డబ్బు

పొడిగింపు వచ్చిన 49 రోజుల్లో డబ్బు వచ్చేది బండ పడిన 28 రోజులకే. కరెంటు రోజులు ఒప్పుకుంటే మరో 35. ఈ 63 రోజులకు కాంట్రాక్టర్ ఎంత అడగవచ్చు?

వాచ్‌మన్, సైట్ ఇంజినీర్ జీతాలు, సామగ్రి అద్దె, సైట్ ఆఫీసు కరెంటు బిల్లు, ఇవి పని జరిగినా జరగకపోయినా నడిచే ఖర్చులు. పునాది దశలో వారానికి 80 వేలు అనుకుంటే 4 వారాలకు 3.20 లక్షలు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. బండ రేటులో ఇప్పటికే 15 శాతం ఓవర్‌హెడ్, లాభం కలిపాం. అందులో సగం, సుమారు 22 వేలు, ఓవర్‌హెడ్ అనుకుంటే దాన్ని ఇందులోంచి తీసేయాలి, లేకపోతే ఒకే ఖర్చు రెండుసార్లు వసూలైనట్లు. కరెంటు కోసం ఆగినప్పుడు సైట్‌లో మనుషులు తగ్గారు కాబట్టి వారానికి 45 వేలు, 5 వారాలకు 2.25 లక్షలు. రెండూ కలిపి 5 లక్షల పైచిలుకు.

కాంట్రాక్టర్ కన్సల్టెంట్ మాత్రం హడ్సన్ ఫార్ములా తెస్తాడు. పేరు వినగానే విశాఖవాసులకు హుద్‌హుద్ గుర్తొస్తుంది గానీ రెండింటికీ సంబంధం లేదు. కాంట్రాక్ట్ విలువలో ఓవర్‌హెడ్, లాభం శాతాన్ని తీసి, గడువు రోజులతో భాగించి, ఆలస్యమైన రోజులతో గుణించడమే ఆ ఫార్ములా. 6 కోట్లలో 15 శాతం 90 లక్షలు, రోజుకు సుమారు 24,650, 63 రోజులకు 15.5 లక్షలు. అసలు ఖర్చుకు దాదాపు మూడు రెట్లు. ఇలాంటి ఫార్ములాలను సుప్రీంకోర్టు మెక్‌డెర్మాట్ కేసులో (2006) గుర్తించింది. కానీ యూనిబ్రోస్, ఆలిండియా రేడియో కేసులో (2023), ఆ ఆలస్యం వల్ల వేరే పని చేజారి లాభం పోయిందని సాక్ష్యం చూపకుండా ఫార్ములా ఒక్కదాని మీద పోయిన లాభానికి పరిహారం ఇవ్వలేమంది. ఇక్కడ వాచ్‌మన్ జీతాల రిజిస్టర్ ఫార్ములా కంటే ఎక్కువ దూరం వస్తుంది.

ప్రభుత్వ పనుల్లో ఇంకో గోడ ఉంది. ఆంధ్రప్రదేశ్ స్టాండర్డ్ స్పెసిఫికేషన్లలోని 59వ క్లాజు, ఆలస్యాలకు, అడ్డంకులకు పరిహారం అడగకూడదంటుంది, గడువు మాత్రమే ఇస్తారు. ఇలాంటి షరతును రామ్‌నాథ్ ఇంటర్నేషనల్ కేసులో (2007) సుప్రీంకోర్టు నిలబెట్టింది. ఏషియన్ టెక్స్ కేసులో (2009) మాత్రం, శాఖే హామీ ఇచ్చి పని కొనసాగింపజేసిన చోట అలాంటి క్లాజు ఆర్బిట్రేటర్‌ను ఆపలేదంది.

## కోసుకోవడం, సంతకం పెట్టడం

ఓనర్‌కు నిజంగా ఎంత నష్టమైంది? కాంట్రాక్టర్ వల్ల జరిగిన 42 రోజులకు పాత చోట అద్దె నెలకు 1.5 లక్షల చొప్పున 2.1 లక్షలు, 6 కోట్ల అప్పు మీద 10 శాతం వడ్డీ సుమారు 6.9 లక్షలు. కాగితాల మీద కనిపించేది 9 లక్షలు. స్కానింగ్ యంత్రం ఖాళీగా పడి ఉండటం వల్ల పోయిన ఆదాయం కూడా చూపించగలిగితే 18 లక్షలకు దగ్గరగా వెళ్లొచ్చు. చూపకపోతే ఆ 18 కూడా తగ్గే ప్రమాదం ఉంది.

తప్పు ఎవరిదన్న వివాదం ఉన్నప్పుడు ఓనరే తీర్పు చెప్పుకోలేడు. జె.జి. ఇంజినీర్స్ కేసులో (2011) సుప్రీంకోర్టు, ఒప్పందాన్ని ఉల్లంఘించిందెవరో ఒక పక్షం తనకు తానే నిర్ణయించుకోలేదని, అది కోర్టో ఆర్బిట్రేటరో తేల్చాలని చెప్పింది. అయినా డబ్బు ఓనర్ చేతిలో ఉంది కాబట్టి ముందు కోత పడుతుంది, తర్వాత వాదన నడుస్తుంది. కాంట్రాక్టర్ వెంటపడాల్సిన స్థితిలో ఉంటాడు.

ఆ స్థితిలోనే ఇంకో కాగితం వస్తుంది. మిగిలిన బిల్లు కావాలంటే "ఇక నాకు ఏ క్లెయిమూ లేదు" అని రాసి సంతకం పెట్టమంటారు. ఇష్టపూర్వకంగా పెడితే పైన వేసిన లెక్కంతా అక్కడితో ముగిసినట్లే. బొఘారా పాలీఫ్యాబ్ కేసులో (2009) సుప్రీంకోర్టు, ఒత్తిడితోనో మోసంతోనో తీసుకున్న సంతకం అడ్డు కాదంది, కానీ ఒత్తిడి ఉందని చూపే భారం సంతకం పెట్టినవాడిదే. కోత ఉత్తరం అందిన వారంలోనే 54 లక్షల మీద అభ్యంతరం తెలుపుతూ, తేదీలతో, బండ లెవల్స్ కాపీతో జవాబు రాసి పెట్టుకున్న కాంట్రాక్టర్‌కు ఆ భారం తేలిక. తర్వాత ఆ కాగితం మీద సంతకం పెట్టాల్సి వచ్చినా, పక్కనే "అభ్యంతరాలకు లోబడి" అని రాసి, ఫోటో తీసి ఉంచుకుంటే అదీ పనికొస్తుంది.